450 శాతం పెరిగిందా? ముందు హారం చూడండి

ఆన్‌లైన్‌లో పుస్తకాలు అమ్మే ఒక సంస్థలో నెలవారీ రిపోర్టు తయారుచేసే పని నాది. ఒక నెల నేను పంపిన షీట్‌లో మొదటి వరుస "మ్యాపులు: 450%". ఎక్కువ పెరిగినవి పైకి వచ్చేలా సార్ట్ చేసి పంపాను కాబట్టి మీటింగ్‌లో అందరి కళ్లూ ఆ వరుస మీదే పడ్డాయి. ప్రకటనల ఖర్చులో కొంత మ్యాపులకు మళ్లిద్దామని అరగంట చర్చ నడిచింది. చివర్లో ఒకావిడ "అసలు ఎన్ని ఆర్డర్లు వచ్చాయండీ?" అని అడిగారు. ఫిబ్రవరిలో 2, మార్చిలో 11.

లెక్కలో తప్పు లేదు, ఫార్ములా కూడా సరైనదే. అయినా ఆ షీట్ అరగంట సేపు అందరినీ తప్పుదారి పట్టించింది. అప్పటి నుంచి వృద్ధి శాతం లెక్క వేసేటప్పుడు నేను పాటిస్తున్న వరుస ఇది. మీరూ ఒక షీట్ తెరుచుకుని ఈ అంకెలతోనే వేసి చూడండి. సులువుగా ఉండాలని అంకెలను కాస్త సర్దాను.

| | ఫిబ్రవరి | మార్చి | పోయినేడు మార్చి |
|---|---|---|---|
| నవలలు | 4,000 | 4,320 | 3,600 |
| పిల్లల పుస్తకాలు | 2,500 | 2,400 | 2,300 |
| పాఠ్యపుస్తకాలు | 1,200 | 1,500 | 1,420 |
| ఆడియో పుస్తకాలు | 298 | 309 | 0 |
| మ్యాపులు | 2 | 11 | 6 |
| మొత్తం | 8,000 | 8,540 | 7,326 |

షీట్‌లో A కాలమ్‌లో పేర్లు, B లో ఫిబ్రవరి, C లో మార్చి, D లో పోయినేడు మార్చి ఉన్నాయనుకోండి. పేర్లు 2వ వరుస నుంచి మొదలవుతాయి, మొత్తం 7వ వరుసలో ఉంటుంది.

## మొదటి అడుగు: రెండు వృద్ధి శాతాలు

కొత్త అంకెలోంచి పాత అంకె తీసేసి, వచ్చినదాన్ని పాత అంకెతో భాగించాలి. ఇంకా చిన్నగా రాయాలంటే కొత్తదాన్ని పాతదానితో భాగించి 1 తీసేస్తే చాలు. పోయిన నెలతో పోలిస్తే అది నెలవారీ వృద్ధి (MoM), పోయినేడు ఇదే నెలతో పోలిస్తే వార్షిక వృద్ధి (YoY).

```
MoM:  =C2/B2-1
YoY:  =C2/D2-1
```

సెల్‌ను శాతం ఫార్మాట్‌లోకి మార్చండి. ఫార్ములాలో మళ్లీ 100తో గుణించకండి. గుణిస్తే నవలల 8% కాస్తా 800% అయిపోతుంది.

ఫార్ములాను కిందికి లాగితే నెలవారీ వృద్ధి కాలమ్‌లో నవలలకు 8%, పిల్లల పుస్తకాలకు −4%, పాఠ్యపుస్తకాలకు 25%, ఆడియోకి 3.7%, మ్యాపులకు 450% వస్తాయి. మొత్తానికి 6.75%. వార్షిక వృద్ధిలో మొత్తానికి 16.6% వస్తుంది. ఆడియో వరుసలో మాత్రం `#DIV/0!` అని ఎర్రర్ కనిపిస్తుంది. దాని సంగతి తర్వాత చూద్దాం.

ఇక్కడే చాలామంది పట్టించుకోని మాట తేడా ఒకటుంది. 450% పెరిగింది అంటే నాలుగున్నర రెట్లు అయిందని కాదు, అయిదున్నర రెట్లు అయిందని. పాతది ఒక వంతు ఎలాగూ ఉంది, దాని మీద నాలుగున్నర వంతులు చేరాయి. "రెట్టింపయింది" అంటే 100% పెరుగుదల, "మూడు రెట్లయింది" అంటే 200%. "మూడు రెట్లు పెరిగింది" అని రాస్తే కొందరు మూడు రెట్లయిందని, కొందరు నాలుగు రెట్లయిందని అనుకుంటారు. అందుకే నేను "పెరిగింది" పక్కన ఎప్పుడూ శాతమే రాస్తాను, "రెట్లు" రాస్తే "అయింది" అనే రాస్తాను.

## రెండో అడుగు: నెలలో ఎన్ని రోజులున్నాయి?

మొత్తం ఆర్డర్లు 8,000 నుంచి 8,540 అయ్యాయి, 6.75% పెరిగాయి. అందరూ సంతోషిస్తారు. కానీ ఫిబ్రవరిలో ఉన్నవి 28 రోజులు, మార్చిలో 31. అమ్మకాలు రోజుకు ఒక్కటి కూడా పెరగకపోయినా, ఆ మూడు రోజుల వల్లే మార్చిలో 10.7% పెరుగుదల కనిపించాలి. మనకు వచ్చింది 6.75%. అంటే నిజానికి తగ్గాం.

రోజు సగటు తీస్తే విషయం తేలిపోతుంది. ఫిబ్రవరిలో రోజుకు 285.7 ఆర్డర్లు, మార్చిలో 275.5. ఇది 3.6% తగ్గుదల. నెలలోని రోజుల సంఖ్యను షీట్‌తోనే చెప్పించవచ్చు. B1, C1 సెల్స్‌లో ఆయా నెలల తేదీ ఏదో ఒకటి ఉంటే చాలు:

```
=(C2/DAY(EOMONTH(C1,0)))/(B2/DAY(EOMONTH(B1,0)))-1
```

కిందికి లాగేటప్పుడు తేదీ సెల్ జారిపోకుండా `C$1`, `B$1` అని డాలర్ గుర్తు పెట్టుకోండి.

ఈ కాలమ్‌లో పిల్లల పుస్తకాల వరుస చూసినప్పుడు నాకు గుండె ఝల్లుమంది. మామూలు లెక్కలో −4% ఉన్నది ఇక్కడ −13.3% అయింది. రోజుకు 89 ఆర్డర్లు వచ్చే చోట 77 వస్తున్నాయి. ఇలాంటిది కనిపిస్తే వెంటనే కారణాలు వెతకడం మొదలుపెట్టకండి, ముందు పోయినేడు ఏం జరిగిందో చూడండి. పోయినేడు ఫిబ్రవరి కూడా 28 రోజులదే, అప్పుడు 2,390 ఆర్డర్లు వచ్చాయి. అంటే రోజుకు 85.4. పోయినేడు మార్చిలో 2,300, అంటే రోజుకు 74.2. అప్పుడు కూడా 13% తగ్గింది. ఆ విభాగంలో ఫిబ్రవరి ఎప్పుడూ ఎక్కువగానే ఉంటుందేమో. రెండేళ్లు చూసి ఖాయంగా చెప్పలేం గానీ, మీటింగ్‌లో గాభరా పుట్టించేంత విషయమైతే కాదు. పైగా వార్షిక వృద్ధి చూస్తే ఇదే విభాగం 4.3% పైకే ఉంది.

రెండు శాతాలూ ఎందుకు కావాలో ఈ ఒక్క వరుస చాలు చెప్పడానికి. నెలవారీ వృద్ధిలో ఇప్పుడు వస్తున్న మార్పు త్వరగా కనబడుతుంది, కానీ సీజన్, రోజుల సంఖ్య అందులో కలిసిపోతాయి. వార్షిక వృద్ధిలో మార్చిని మార్చితోనే పోలుస్తాం కాబట్టి ఆ రెండూ చాలావరకు కొట్టుకుపోతాయి. అయితే మార్పు మొన్న మొన్ననే మొదలైతే అందులో ఆలస్యంగా తెలుస్తుంది. లీపు ఏడాదిలో మాత్రం ఫిబ్రవరికి ఒక రోజు ఎక్కువ, ఆ ఒక్క రోజే 3.6% తేడా తెస్తుంది.

## మూడో అడుగు: చిన్న హారాన్ని పట్టుకోవడం

ఇప్పుడు మ్యాపుల దగ్గరికి వద్దాం. చిన్నప్పుడు భిన్నాల్లో చదువుకున్నాం కదా, హారం చిన్నదైతే భిన్నం విలువ పెద్దదవుతుంది. జరిగిందంతా అదే. మ్యాపులకు పెరిగినవి 9 ఆర్డర్లు. అవే 9 ఆర్డర్లు నవలల్లో పెరిగి ఉంటే శాతం 0.2 దగ్గర ఉండేది, ఎవరూ తల కూడా తిప్పేవారు కాదు.

అందుకే శాతం పక్కన ఇంకో కాలమ్ తప్పకుండా పెట్టండి. నేను దాన్ని "వాటా" అంటాను. మొత్తం వృద్ధిలో ఈ వరుస తెచ్చినది ఎంత అనేది అందులో ఉంటుంది. తేడాను ఆ వరుస పాత అంకెతో కాకుండా, పాత మొత్తంతో భాగించాలి:

```
=(C2-B2)/B$7
```

ఈ కాలమ్‌ను కూడా రెండు దశాంశాల శాతం ఫార్మాట్‌లో పెడితే నవలలకు 4.00, పాఠ్యపుస్తకాలకు 3.75, ఆడియోకి 0.14, మ్యాపులకు 0.11, పిల్లల పుస్తకాలకు −1.25 వస్తాయి. ఇవన్నీ కలిపితే సరిగ్గా 6.75. ఈ కాలమ్‌లో నాకు బాగా నచ్చేది అదే, కూడితే మొత్తం వృద్ధితో సరిపోవాల్సిందే, సరిపోకపోతే ఎక్కడో పొరపాటు జరిగినట్టు. 450% అని పైకెక్కిన వరుస అసలు వృద్ధిలో తెచ్చింది 0.11. మొత్తం వరుసను వదిలేసి మిగతా షీట్‌ను ఈ కాలమ్ ప్రకారం సార్ట్ చేయండి. నవలలు పైకి వస్తాయి, మ్యాపులు కిందికి దిగుతాయి.

సగటు విషయంలో ఒక హెచ్చరిక. ఆ అయిదు శాతాల కాలమ్ కింద `AVERAGE` పెట్టి "సగటు వృద్ధి" అని చూపించే షీట్లు నేను చాలా చూశాను. ఇక్కడ పెడితే దాదాపు 97% వస్తుంది. నిజంగా జరిగింది 6.75%. రెండు ఆర్డర్ల మ్యాపులకూ నాలుగు వేల ఆర్డర్ల నవలలకూ ఆ సగటులో ఒకే బరువు ఉండడమే కారణం. మొత్తం వృద్ధి కావాలంటే మొత్తాల వరుసలోంచే లెక్క తీయాలి, శాతాలను సగటు చేయకూడదు.

## నాలుగో అడుగు: ఇది నిజమైన పెరుగుదలా, మామూలు ఊగిసలాటా?

ఏ లెక్కయినా నెలనెలా కొంచెం పైకీ కిందికీ ఊగుతూనే ఉంటుంది. ఒకరితో ఒకరికి సంబంధం లేని మనుషులు విడివిడిగా ఇచ్చే ఆర్డర్లయితే, ఆ ఊగిసలాట సుమారుగా అంకె వర్గమూలమంత ఉంటుంది. 4 ఆర్డర్లకు అటూఇటూ 2, అంటే సగం. 400కి అటూఇటూ 20, అంటే 5%. 10,000కి అటూఇటూ 100, అంటే 1%. చిన్న అంకెల దగ్గర శాతాలు గంతులేయడానికి కారణం ఇదే.

రెండు నెలల్ని పోల్చేటప్పుడు రెండు అంకెలనూ కూడి వర్గమూలం తీయండి. తేడా దానికి రెండింతలు కూడా లేకపోతే దాన్ని వార్తగా రాయకండి.

```
=ABS(C2-B2)/SQRT(B2+C2)
```

ఆడియో పుస్తకాలకు తేడా 11, వర్గమూలం 24.6. సగం కూడా లేదు. "ఆడియో 3.7% పెరిగింది" అని రిపోర్టులో రాసేంత విషయం అక్కడ లేదు. పాఠ్యపుస్తకాలకు తేడా 300, వర్గమూలం 52, దాదాపు ఆరింతలు. రోజుల తేడా తీసేసినా రోజుకు 42.9 నుంచి 48.4 అయింది, 12.9% పెరుగుదల. ఊగిసలాటకు మించి నిజంగా ఏదో కదిలింది. కానీ వార్షిక వృద్ధి చూడండి, 5.6% మాత్రమే. అంటే ఏటా మార్చిలో వచ్చే ఊపే ఇందులో చాలావరకు ఉండొచ్చు.

మ్యాపులకు వేస్తే తేడా 9, వర్గమూలం 3.6, రెండున్నర రెట్లు. లెక్క ప్రకారం ఇది గట్టెక్కినట్టే. మీటింగ్ తర్వాత నేను కూడా "సరే, ఏదో ఉన్నట్టుంది" అనుకున్నాను. అప్పుడు ఆ 11 ఆర్డర్లనూ ఒక్కొక్కటిగా తెరిచి చూశాను. పదకొండు వరుసలు చదవడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు, ముందే చేసి ఉండాల్సిన పని. వాటిలో ఎనిమిది ఒకే కొనుగోలుదారుడివి. ఒకే రోజు, ఒకే చిరునామాకు, విడివిడి ఆర్డర్లుగా ఇచ్చారు. అంటే కొన్నవాళ్లు మార్చిలో నలుగురు, ఫిబ్రవరిలో ఇద్దరు. ఇద్దరు నలుగురైతే తేడా 2, వర్గమూలం 2.4. ఏమీ లేదు.

వర్గమూలం సూత్రానికి హద్దు అదే. ఆర్డర్లు ఒకదానికొకటి సంబంధం లేనివైతేనే అది పనిచేస్తుంది. ఒకరే గుత్తగా కొన్నప్పుడు ఆర్డర్లను కాక మనుషుల్ని లెక్కపెట్టాలి. ఆర్డర్ల సంఖ్య కాకుండా డబ్బు మొత్తాన్ని పోలుస్తున్నప్పుడు ఈ సూత్రం అసలు వాడకండి. ఒక్క పెద్ద బిల్లు నెలంతటినీ మార్చేస్తుంది.

## అయిదో అడుగు: శాతం చూపించకూడని చోట చూపించకండి

నేను పెట్టుకున్న నియమం ఇది. పాత అంకె 30 కంటే తక్కువైతే శాతం రాయను, రెండు అంకెలూ రాస్తాను. 30 నుంచి 100 మధ్య ఉంటే శాతం రాసి పక్కనే అంకెలు పెడతాను. 30 అనేది శాస్త్రం చెప్పిన గీత కాదు, నా పనికి సరిపోయింది. మీ దగ్గర అంకెలు లక్షల్లో ఉంటే గీతను ఇంకా పైకి జరపండి. ఎక్కడ పెట్టినా రిపోర్టు కింద ఒక వాక్యంలో చెప్పండి. ముఖ్యంగా అంకెలు చూడకముందే గీతను నిర్ణయించుకోండి. చూశాక నిర్ణయిస్తే నచ్చిన వరుసను ఉంచుకుని నచ్చనిదాన్ని తీసేయాలనిపిస్తుంది.

```
=IF(B2<30, B2&" → "&C2, C2/B2-1)
```

మ్యాపుల దగ్గర ఇప్పుడు "2 → 11" అని కనిపిస్తుంది. ఒక చిక్కుంది. అది అక్షరాల సెల్ అయిపోతుంది కాబట్టి ఈ కాలమ్‌ను పెద్దది నుంచి చిన్నదికి సార్ట్ చేస్తే ఎక్సెల్ దాన్ని మళ్లీ పైనే పెడుతుంది. అందుకే సార్టింగ్ వాటా కాలమ్ మీదే చేయమన్నాను.

ఇక సున్నా సంగతి. ఆడియో పుస్తకాలు పోయినేడు మార్చిలో అమ్మలేదు. సున్నాతో భాగించలేం కాబట్టి ఎర్రర్ వచ్చింది. దాన్ని దాచడానికి చాలామంది `IFERROR(...,0)` వాడతారు. దయచేసి అలా చేయకండి. అక్కడ 0% అని పడుతుంది, చదివేవాళ్లు "ఆడియో ఏమీ పెరగలేదు" అనుకుంటారు. నిజానికి సున్నా నుంచి 309కి వచ్చింది. 100% అని రాయడం కూడా తప్పే, 309 వచ్చినా 3 వచ్చినా అదే 100% అవుతుంది. "కొత్తది" అని రాయండి:

```
=IF(D2=0, "కొత్తది", C2/D2-1)
```

మొత్తం వార్షిక వృద్ధి 16.6%లో కూడా ఈ కొత్త విభాగం కలిసి ఉంది. పోయినేడు కూడా ఉన్న విభాగాలను మాత్రమే పోలిస్తే 7,326 నుంచి 8,231, అంటే 12.4%. రెండు అంకెలూ నిజమే. పాత వ్యాపారం ఎలా నడుస్తోందని అడిగితే రెండోది చెప్పాలి.

లాభనష్టాల వరుస ఉంటే ఇంకో జాగ్రత్త కావాలి. పోయిన నెల 50 నష్టం, ఈ నెల 30 లాభం అయితే ఫార్ములా −160% అంటుంది. పరిస్థితి మెరుగుపడితే గుర్తు మైనస్ వచ్చింది. పాత అంకె మైనస్‌లో ఉన్నప్పుడు శాతానికి అర్థమే లేదు. "50 నష్టం నుంచి 30 లాభానికి" అని మాటల్లో రాస్తే అందరికీ తెలుస్తుంది.

## హారం చిన్నది కాకపోయినా, చెడ్డదైతే?

వార్షిక వృద్ధిలో ఎక్కువగా ఎదురయ్యేది ఇది. 2020 ఏప్రిల్‌లో ప్రపంచంలో చాలా దేశాలు లాక్‌డౌన్‌లో ఉన్నాయి. ఆ నెలను హారంగా పెట్టి 2021 ఏప్రిల్ లెక్కలు వేస్తే ప్రయాణాలు, హోటళ్ల లాంటి వాటికి వందల శాతాల వృద్ధి వచ్చింది. అంకె పెద్దదే, కానీ అది కోలుకోవడమే తప్ప ఎదగడం కాదు. 100 ఉన్నది 40కి పడి, మళ్లీ 90కి వచ్చిందనుకోండి. వార్షిక వృద్ధి 125%. అయినా మొదట ఉన్నచోటికి ఇంకా రాలేదు.

పట్టుకోవడం తేలిక. హారంగా వాడుతున్న నెలకు ముందు నెల, తర్వాతి నెల కూడా చూడండి. అది ఒక్కటే గుంతలా ఉంటే, లేదా గుట్టలా ఉంటే, ఇంకో ఏడాది వెనక్కి వెళ్లి అప్పటితో కూడా పోల్చి రెండూ చూపించండి. సర్వర్ రెండు రోజులు ఆగిపోవడం, సరుకు అయిపోవడం, పెద్ద డిస్కౌంట్ ఇవ్వడం లాంటివన్నీ హారాన్ని పాడుచేస్తాయి. ఇలాంటివి జరిగినప్పుడు అదే షీట్‌లో ఒక మూల తేదీతో రాసి పెట్టుకోండి. ఏడాది తర్వాత అది ఎవరికీ గుర్తుండదు, నాకైతే మూడు నెలలకే గుర్తుండదు.

మ్యాపుల రిపోర్టును ఆ మర్నాడే సవరించి పంపాను. పై వాక్యం ఇలా మారింది: "మార్చిలో 8,540 ఆర్డర్లు. పోయినేడు మార్చి కంటే 16.6% ఎక్కువ, కొత్తగా మొదలైన ఆడియో లేకుండా 12.4%. ఫిబ్రవరితో పోలిస్తే మొత్తం 6.75% ఎక్కువ, కానీ రోజు సగటు 3.6% తక్కువ. నెలవారీ పెరుగుదల దాదాపు అంతా నవలలు, పాఠ్యపుస్తకాల నుంచే." మ్యాపులు షీట్‌లో కింది వైపున ఉన్నాయి, 2 → 11, పక్కన చిన్న నోట్: ఎనిమిది ఆర్డర్లు ఒకరివే.